రాజ్య సిద్ధాంతంగా కన్ఫ్యూషియస్ బోధ: ఏ తేదీని నమ్మాలి?

ప్రశ్న: "కన్ఫ్యూషియస్ బతికి ఉండగా ఏ రాజూ ఆయన మాట వినలేదంటారు. మరి ఆ బోధ రాజ్య సిద్ధాంతం ఎప్పుడు, ఎలా అయింది? నా నోట్స్‌లో ఒకచోట క్రీ.పూ. 136 అని, ఒకచోట 134 అని, ఇంకోచోట 124 అని ఉంది. సివిల్ సర్వీస్ పరీక్షలేమో క్రీ.శ. 605లో మొదలయ్యాయంటున్నారు. పరీక్షలో ఏది రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది."

ఒక్క తేదీ మాత్రమే కావాలంటే క్రీ.పూ. 124 తీసుకోండి. ఆ ఏడాది చైనాలోని హాన్ రాజ్యంలో 50 మంది విద్యార్థులకు ప్రభుత్వం చదువు చెప్పించి, ఏడాది తర్వాత పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లకు ఉద్యోగం ఇవ్వాలని నిర్ణయమైంది. చక్రవర్తి ఏదో చర్చ విని మనసు మార్చుకోవడం వల్ల ఈ బోధ గెలిచిందని నేను అనుకోను. పుస్తకానికీ కొలువుకీ మధ్య ఒక దారి పడింది, ఆ దారి మూసుకుపోలేదు, అందుకే గెలిచింది. మీరు అడిగిన 605 నాటి పరీక్ష ఈ దారినే చాలా కాలం తర్వాత వెడల్పు చేసింది.

నేను 20 ఏళ్లకు పైగా తూర్పు ఆసియా చరిత్ర చెబుతున్నాను. మొదటి కొన్నేళ్లు నేనూ బోర్డు మీద 134 దగ్గర బాణం గీసి, "ఇక్కడ హాన్ వంశపు ఊ చక్రవర్తి మిగతా సిద్ధాంతాలను తోసేసి కన్ఫ్యూషియస్‌ని నిలబెట్టాడు" అని చెప్పేవాణ్ణి. ఒక విద్యార్థిని లేచి, "అయితే ఆ తర్వాత మంత్రులంతా కన్ఫ్యూషియస్ చదివినవాళ్లేనా సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాజు కాలంలోనే బతికిన చరిత్రకారుడు సీమా చ్యెన్ రాసిన జీవిత చరిత్రలను ఒక్కొక్కటిగా తిరగేశాను. ఊ చక్రవర్తి దగ్గర పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు ఎక్కువమంది సేనాపతులు, రాజబంధువులు, చట్టం తెలిసిన గుమాస్తాలు. కన్ఫ్యూషియస్ మార్గంలో చదువుకున్నవాళ్లు చాలా తక్కువ. అప్పటి నుంచి నేను ఈ కథ చెప్పే పద్ధతి మారిపోయింది.

కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 479లో చనిపోయాడు. ఆయన మార్గంలోని పండితులను చైనాలో "రూ" అంటారు. పాత గ్రంథాలు, కర్మకాండ, సంగీతం, సభామర్యాద వీళ్ల విద్యలు. క్రీ.పూ. 221లో దేశాన్ని ఏకం చేసిన చిన్ రాజ్యం వీళ్లను పక్కన పెట్టింది. 213లో ప్రైవేటు వ్యక్తుల దగ్గరున్న పాత పద్యాల, చరిత్రల పుస్తకాలను కాల్చేయమంది. వైద్యం, జోస్యం, వ్యవసాయం పుస్తకాలను వదిలేసింది. చిన్ తర్వాత వచ్చిన హాన్ వంశ స్థాపకుడు లియూ బాంగ్‌కి కూడా రూ పండితులంటే గిట్టేది కాదు. ఎవరైనా పండితుల టోపీ పెట్టుకుని వస్తే, దాన్ని లాగి అందులో మూత్రం పోసేవాడని సీమా చ్యెన్ రాశాడు.

అలాంటివాడికి కూడా వీళ్ల అవసరం పడింది. సింహాసనం ఎక్కాక పాత యుద్ధమిత్రులు సభలోనే తాగి, అరుచుకుంటూ, కత్తులతో స్తంభాలను నరికేవాళ్లు. షూసున్ తోంగ్ అనే రూ పండితుడు వచ్చి, సభకు ఒక పద్ధతి నేర్పుతానన్నాడు. ఊరి బయట తాళ్లు కట్టి, గడ్డి పరకలు నిలబెట్టి, ఎవరు ఎక్కడ నిలబడాలో నెల రోజులకు పైగా రిహార్సల్ చేయించాడు. క్రీ.పూ. 200 నాటి వేడుకలో ఒక్కడు కూడా గొడవ చేయలేదు. "చక్రవర్తిగా ఉండటంలోని ఘనత ఏమిటో ఈ రోజు తెలిసింది" అన్నాడట లియూ బాంగ్. రూ పండితులు రాజ్యానికి మొదట పనికొచ్చింది ఇలాగే. తత్వం చెప్పడానికి ఎవరూ పిలవలేదు.

తర్వాత 60 ఏళ్లు గడిచినా పెద్ద మార్పు రాలేదు. కొలువులో గట్టి పట్టున్న రాజమాత దౌకి లావోజి అనే పాత తాత్వికుడి మార్గం ఇష్టం. యువాన్ గూ అనే రూ పండితుణ్ణి పిలిచి లావోజి గ్రంథం ఎలా ఉంటుందని అడిగింది. "పనివాళ్లు మాట్లాడుకునే మాటలు" అన్నాడాయన. ఆవిడకు కోపం వచ్చి, పందుల దొడ్డిలోకి దిగి పందితో పోరాడమంది. ఆ పండితుడి తప్పేమీ లేదని తెలిసిన చక్రవర్తి జింగ్ ఒక పదునైన కత్తి ఇప్పించాడు. ఒక్క పోటుతో పంది చచ్చింది, పండితుడు బతికాడు. ఆ రాజమాత మనవడే ఊ చక్రవర్తి. క్రీ.పూ. 141లో గద్దెనెక్కిన కొత్తలో రూ పండితులకు పదవులు ఇస్తే, ఈ నాయనమ్మే పట్టుబట్టి వాళ్లను దించేయించింది. ఇద్దరు జైల్లో ప్రాణం తీసుకున్నారు. ఆవిడ 135లో చనిపోయింది. ఆ తర్వాతే దారి పూర్తిగా తెరుచుకుంది.

ఇప్పుడు మీ నోట్స్‌లోని తేదీలు చూద్దాం.

136 అంటే ఏమిటి? కొలువులో "బోషీ" అనే పండిత పదవులు చిన్ కాలం నుంచీ ఉన్నాయి. రకరకాల విద్యలవాళ్లు వాటిలో ఉండేవారు. 136లో ఆ పదవులను ఐదు గ్రంథాలకు కేటాయించారు: పద్యాల గ్రంథం, పూర్వ రాజుల పత్రాలు, కర్మకాండ, మార్పుల గ్రంథం, లూ రాజ్య చరిత్ర అయిన వసంత శరత్తులు. మిగతా మార్గాలను చదవకూడదని ఎవరూ అనలేదు. వాటికి ఇచ్చే జీతం ఆగిపోయింది, అంతే. ఈ ఐదూ కన్ఫ్యూషియస్ మాటలు కావు, ఆయన గౌరవించి బోధించాడని చెప్పే పాత గ్రంథాలు. ఆయన సంభాషణల పుస్తకం ఈ ఐదింటిలో లేదు. విద్యార్థులు ఇక్కడ తరచూ పొరపడతారు.

134 అంటే ఏమిటి? దోంగ్ జోంగ్‌షూ అనే పండితుడు చక్రవర్తి ప్రశ్నలకు రాసిచ్చిన జవాబులకు పెట్టే తేదీ ఇది. కొందరు 140 అంటారు. కన్ఫ్యూషియస్ మార్గపు గ్రంథాల పరిధిలోకి రానివాటిని పక్కన పెట్టమని, ఒక మహావిద్యాలయం పెట్టమని ఆయన సలహా ఇచ్చాడు. ఆకాశం ప్రకృతి విపత్తులతో రాజును హెచ్చరిస్తుందని కూడా చెప్పాడు. "వంద మార్గాలను తోసేసి రూ విద్యను మాత్రమే గౌరవించారు" అనే నినాదాన్ని పాఠ్యపుస్తకాలు ఈ తేదీకి తగిలిస్తాయి. ఆ మాటలు అదే రూపంలో హాన్ కాలం పుస్తకాల్లో లేవు, 20వ శతాబ్దంలో స్థిరపడ్డాయి. పైగా దోంగ్‌కి పెద్ద పదవి దక్కలేదు. రాజవంశ పూజామందిరం కాలిపోతే అది ఆకాశం పంపిన హెచ్చరికేనని ఆయన ఒక చిత్తుప్రతి రాసుకున్నాడు. దాన్ని ఒకడు దొంగిలించి చక్రవర్తికి చేర్చాడు. అది తన గురువు రాసిందని తెలియక, దోంగ్ శిష్యుడే "బొత్తిగా తెలివిలేని రాత" అన్నాడు. దోంగ్‌కి మరణశిక్ష పడింది, తర్వాత క్షమించి వదిలేశారు. ఆపైన ఆయన విపత్తుల గురించి నోరెత్తలేదు. రాజ్యం ఈ బోధలో తనకు కావలసింది తీసుకుంది. రాజును హెచ్చరించే భాగం దగ్గరికి వచ్చేసరికి వినలేకపోయింది.

124 దగ్గర అసలు మలుపు ఉంది. దీని వెనక ఉన్నది గోంగ్‌సున్ హోంగ్. కుర్రతనంలో జైలు అధికారి, తప్పు చేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. సముద్రతీరంలో పందులు కాశాడు. 40 దాటాక వసంత శరత్తుల చదువు మొదలుపెట్టాడు. ముసలితనంలో కొలువుకి వచ్చి, చక్రవర్తి మనసెరిగి మాట్లాడి, చివరికి 124లో ప్రధానమంత్రి అయ్యాడు. చట్టం, పాలన బాగా తెలిసినవాడు, రూ విద్యతో వాటికి అలంకారం చేసేవాడని సీమా చ్యెన్ అంటాడు.

ఆయన ఇచ్చిన విజ్ఞాపనలో చూపిన కారణం నాకు చాలా నచ్చుతుంది. చక్రవర్తి శాసనాలు ఉదాత్తమైన పాత భాషలో ఉంటున్నాయి, వాటిని చదివే కింది గుమాస్తాలకు అంత చదువు లేదు, అందువల్ల ప్రజలకు వివరించి చెప్పలేకపోతున్నారు అన్నాడు. అంటే సమస్య ఆఫీసులో ఉంది. శాసనం అర్థమయ్యే ఉద్యోగులు కావాలి. అందుకు ఆయన చెప్పిన ఏర్పాటు ఇది: బోషీల దగ్గర 18 ఏళ్లు దాటిన 50 మంది శిష్యులను పెట్టాలి, వాళ్లకు వెట్టిచాకిరీ తప్పించాలి. జిల్లాల నుంచి అధికారులు పంపిన యోగ్యులు కూడా వాళ్లతో పాటు చదవొచ్చు. ఏడాదికి అందరికీ పరీక్ష. ఒక గ్రంథం మీద పట్టు సాధించినవాడికి దస్తావేజుల గుమాస్తా కొలువు. మరీ బాగా రాసినవాడి పేరు రాజు అంతరంగిక పరివారానికి వెళ్తుంది. చదవనివాణ్ణి తీసేయాలి, అలాంటివాణ్ణి పంపిన అధికారికి శిక్ష వేయాలి.

పరీక్ష ఎలా ఉండేదో కూడా మనకు తెలుసు. ప్రశ్నలను వెదురు బద్దల మీద రాసి, తేలికవి, కష్టమైనవి వేరు చేసి, కనబడకుండా పెట్టేవారు. విద్యార్థి ఒకదాన్ని తీసి జవాబు చెప్పాలి.

ఈ దారిలో నడిచిన ఒక మనిషిని చూస్తే విషయం బాగా తెలుస్తుంది. నీ క్వాన్ పేదవాడు. పూర్వ రాజుల పత్రాలు చదివి, జిల్లా తరఫున ఎంపికై బోషీల దగ్గరికి వచ్చాడు. ఖర్చులకు డబ్బు లేక తోటి విద్యార్థులకు వంట చేశాడు. కూలికి పోయినప్పుడు పుస్తకం వెంట తీసుకెళ్లి, పార ఆపిన ప్రతిసారీ తెరిచేవాడు. పరీక్ష నెగ్గి న్యాయశాఖలో గుమాస్తాగా చేరాడు. అక్కడంతా చట్టం తెలిసినవాళ్లే. ఇతనికి పని రాదని దూరప్రాంతానికి పశువుల లెక్కలు చూడమని కొన్నేళ్లు పంపేశారు. తిరిగి వచ్చేసరికి ఒక కష్టమైన కేసు మీద శాఖ రాసిన విన్నపాన్ని చక్రవర్తి మళ్లీ మళ్లీ తిప్పి పంపుతున్నాడు. ఏం రాయాలో తోటి గుమాస్తాలకు నీ క్వాన్ చెప్పాడు. వాళ్లు అతని చేతే రాయించారు. శాఖాధిపతి జాంగ్ తాంగ్ ఆశ్చర్యపోయాడు. చక్రవర్తి ఒప్పుకోవడమే కాదు, "ఇది మామూలు గుమాస్తా రాసింది కాదు, ఎవరు?" అని అడిగాడు.

జాంగ్ తాంగ్ కఠినుడిగా పేరుపడ్డ న్యాయాధికారి. చక్రవర్తికి పాత గ్రంథాల మీద మోజు ఉందని గ్రహించి, తన తీర్పులకు ఆ గ్రంథాల్లో ఆధారం వెతకడానికి బోషీల శిష్యులను శాఖలోకి అడిగి తీసుకున్నాడు. శిక్ష చట్టం ప్రకారమే పడేది, దానికి మాట మాత్రం పాత గ్రంథం నుంచి వచ్చేది. ఊ చక్రవర్తి కాలంలో కన్ఫ్యూషియస్ బోధ రాజ్యంలోకి ప్రవేశించిన తీరు ఇదే. నీ క్వాన్ మాత్రం క్రీ.పూ. 110లో రాజ్యంలో అతి పెద్ద పదవుల్లో ఒకటి చేరుకున్నాడు. వంటవాడి పని చేసిన కుర్రాడు అంత ఎత్తుకు వెళ్లిన కథ విన్న ప్రతి ఊళ్లోనూ తండ్రులు కొడుకుల చేత ఆ ఐదు గ్రంథాలు చదివించాలని అనుకుని ఉంటారని నా నమ్మకం.

సీమా చ్యెన్ ఈ నియమాలను చదివిన ప్రతిసారీ పుస్తకం కింద పెట్టి నిట్టూర్చేవాణ్ణని రాశాడు. విద్యకు గౌరవం దక్కిందన్న సంతోషంతో నిట్టూర్చాడా, విద్య కొలువు కోసం అయిపోయిందన్న బాధతోనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆయన గోంగ్‌సున్ హోంగ్ గురించి రాసిన తీరు చూస్తే అది బాధే అనిపిస్తుంది నాకు.

50 మంది ఆ తర్వాత 100 అయ్యారు, 200 అయ్యారు, క్రీ.పూ. మొదటి శతాబ్దం చివరికి 3,000 అయ్యారు. రెండో హాన్ కాలంలో 30,000 దాటారు. అంతమందికి కొలువులు లేవు. కానీ కొలువులో ఉన్నవాళ్లూ, కావాలనుకునేవాళ్లూ ఒకే పుస్తకాలు చదివి, ఒకే మాటలు వాడటం అలవాటైంది. ఈ మార్పు పూర్తి కాకముందు షువాన్ చక్రవర్తి తన కొడుకుతో చెప్పిన మాట జాగ్రత్తగా గుర్తుంచుకోండి. రూ పండితులను ఎక్కువగా వాడుకోమని కొడుకు అడిగితే ఆయన కోప్పడ్డాడు. హాన్ వంశానికి సొంత పద్ధతి ఉంది, బలంతో ఏలడం, ధర్మంతో ఏలడం రెండూ కలిపి నడుపుతాం అన్నాడు. "మన వంశాన్ని పాడుచేసేవాడు ఈ కొడుకే" అని బాధపడ్డాడట. ఆ కొడుకు రాజయ్యాకే రూ పండితులు పెద్ద పదవుల్లో నిండారు. అంటే 124లో వేసిన విత్తనం కాయడానికి రెండు మూడు తరాలు పట్టింది.

ఇక 605 సంగతి. హాన్ కాలంలో పరీక్ష ఉన్నా, ముందు ఎవరో ఒకరు మీ పేరు సిఫారసు చేయాలి. హాన్ పడిపోయాక దాదాపు నాలుగు శతాబ్దాలు పెద్ద కుటుంబాలే కొలువులను పంచుకున్నాయి. క్రీ.శ. 220 నుంచి మనుషులను తొమ్మిది తరగతులుగా విభజించే పద్ధతి వచ్చింది, అందులో కూడా వంశానిదే పైచేయి అయింది. స్వీ వంశం ఆ పద్ధతి తీసేసి పరీక్షలు పెట్టింది. జిన్‌షీ అనే పట్టా ఆ వంశపు రెండో చక్రవర్తి కాలంలో మొదలైందని చెబుతారు, మీ 605 అదే. తాంగ్ కాలంలో ఇది నిలదొక్కుకుంది. గ్రంథాల పరీక్షలో ఒక్క వరుస మాత్రం కనబడేలా పుట మూసి, అందులో మూడు అక్షరాల మీద కాగితం అంటించి, ఆ అక్షరాలేమిటో రాయమనేవారు. కంఠస్థం లేకపోతే అక్కడే ఆగిపోతారు.

కానీ తాంగ్ పరీక్షలో జవాబుపత్రం మీద పేరు కనబడేది. అభ్యర్థులు ముందే తమ పద్యాలు తీసుకెళ్లి పెద్దవాళ్లకు చూపించుకునేవారు. జిన్‌షీ పట్టా ఏటా సుమారు 20, 30 మందికి మించి దక్కేది కాదు. నెగ్గినవాడు పరీక్షకుడికి జీవితాంతం శిష్యుడిగా ఉండేవాడు.

ఇది మారింది సోంగ్ కాలంలో. 973లో పరీక్షకుడు పక్షపాతం చూపాడని ఫిర్యాదు వస్తే, చక్రవర్తి స్వయంగా రాజభవనంలో మళ్లీ పరీక్ష పెట్టాడు. అప్పటి నుంచి చివరి పరీక్ష భవనంలోనే జరిగింది. నెగ్గినవాడు ఇక పరీక్షకుడి శిష్యుడు కాదు, చక్రవర్తి శిష్యుడు. తర్వాతి కొన్ని దశాబ్దాల్లో పేరు మీద కాగితం అంటించడం మొదలైంది. చేతిరాత గుర్తుపట్టవచ్చని, గుమాస్తాల చేత ప్రతి జవాబునూ తిరగరాయించి ఆ నకలునే పరీక్షకులకు ఇచ్చారు. ఒకరు వేసిన మార్కు ఇంకొకరికి తెలియకుండా ఇద్దరు దిద్దేవారు. ఒక్కో పరీక్షకు నెగ్గేవారి సంఖ్య వందల్లోకి వెళ్లింది. అచ్చు పుస్తకాలు రావడంతో గ్రంథాలు చౌక అయ్యాయి.

అయినా ఇది అందరికీ తెరిచిన తలుపని రాయకండి. ఆడవాళ్లకు ఎప్పుడూ ప్రవేశం లేదు. ఏళ్ల తరబడి కొడుకుని పని చేయించకుండా చదివించగల ఇల్లు ఉండాలి. పెద్ద అధికారుల కొడుకులు పరీక్ష లేకుండా చేరే వెసులుబాటు సోంగ్ కాలంలో కూడా ఉంది, దాన్ని చాలామంది వాడుకున్నారు.

ఏం చదవాలన్నది కూడా మారుతూ వచ్చింది. సోంగ్ కాలపు పండితుడు జూ షీ నాలుగు పుస్తకాలను ముందుకు తెచ్చి వ్యాఖ్యలు రాశాడు. కన్ఫ్యూషియస్ సంభాషణలు, ఆయన మార్గంలోనే తర్వాత వచ్చిన మెన్షియస్ గ్రంథం వాటిలో ఉన్నాయి. 1190ల్లో ప్రభుత్వం ఆయన బోధను "అబద్ధపు విద్య" అని నిషేధించింది. నిషేధం సాగుతుండగానే 1200లో చనిపోయాడు. మంగోలుల యువాన్ ప్రభుత్వం 1313లో ఆయన వ్యాఖ్యల ప్రకారమే పరీక్ష జరగాలని ఆదేశించింది. 1905లో పరీక్షలు రద్దయ్యేవరకూ అవే ఆధారం. కన్ఫ్యూషియస్ మాటలు స్వయంగా పరీక్ష మధ్యలోకి వచ్చింది నిజానికి ఇక్కడ, హాన్ కాలంలో కాదు.

మింగ్ స్థాపకుడు జూ యువాన్‌జాంగ్‌కి మెన్షియస్‌లో "ప్రజలు అన్నిటికన్నా ముఖ్యం, రాజు తక్కువ" లాంటి మాటలు మింగుడు పడలేదు. 1394లో అలాంటివి సుమారు 85 చోట్ల తీసేయించి కొత్త ప్రతి చేయించాడు. తీసేసిన భాగాల నుంచి పరీక్షలో ప్రశ్న రాకూడదన్నాడు. ఆయన పోయిన కొంతకాలానికి పూర్తి పాఠం మళ్లీ వాడుకలోకి వచ్చింది. పుస్తకం పట్ల భక్తి కొన్నిసార్లు రాజు మాటను కూడా దాటి నిలిచింది.

మీ జవాబులో 136ని జీతాల తేదీగా, 134ని సలహా తేదీగా, 124ని కొలువు తేదీగా రాయండి. 605 దగ్గర "మొదలు" అని రాసి, పక్కనే 973 వేసి, పేర్లు దాచడం గురించి రెండు వాక్యాలు చేర్చండి. 1313ని వదలొద్దు, చాలామంది దాన్ని వదిలేస్తారు. నీ క్వాన్ గురించి చోటుంటే ఒక్క వాక్యమైనా రాయండి.